నెలసరి కన్నా ముందే అండం

కాన్పయ్యాక నెలసరి మళ్లీ ఎప్పుడు మొదలవుతుందన్నది చాలావరకు బిడ్డ ఎన్నిసార్లు రొమ్ము పట్టి చప్పరిస్తున్నదన్న దాన్నిబట్టి ఉంటుంది. డబ్బాపాలతోనే పెరిగే బిడ్డల తల్లులకు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నెలసరి వస్తుంది. అడపాదడపా నాలుగో వారంలోనే అండం విడుదలైపోతుంది. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టని ఇంట్లో అదే నెలసరి ఆరు నెలలు దాటవచ్చు, కొందరికి ఏడాది పైన కూడా పడుతుంది. ఈ రెండూ ఆరోగ్యమే.

కాన్పయిన తొలి వారాల్లో పోయే రక్తాన్ని నెలసరిగా లెక్కపెట్టకూడదు. మావి ఊడిన చోట గర్భసంచిలో పచ్చిపుండు ఉంటుంది. అది మానే దాకా స్రావం పోతూనే ఉంటుంది. మొదట ఎర్రగా, తర్వాత గోధుమరంగు కలిసిన గులాబీ రంగులో, చివరికి పసుపు కలిసిన తెలుపులో కనిపించి నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆగిపోతుంది. బిడ్డకు పాలిస్తున్నప్పుడు గర్భసంచి ముడుచుకుంటుంది కాబట్టి ఆ సమయంలో స్రావం కాస్త ఎక్కువగా పోవడం, పొత్తికడుపులో నొప్పి రావడం మామూలే.

పాలివ్వడం అండాన్ని ఆపే తీరు ఇలా ఉంటుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న భాగం గంటకో గంటన్నరకో ఒకసారి కొద్దిపాటి హార్మోన్‌ను పిట్యూటరీ గ్రంథికి పంపుతుంది. ఆ విడతలు క్రమం తప్పకుండా అందితేనే పిట్యూటరీ ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను చాలినంత విడుదల చేస్తుంది. దాని బలంతోనే అండాశయంలో అండం పండి బయటికి వస్తుంది. బిడ్డ చనుమొన పట్టి చప్పరించినప్పుడల్లా అక్కడి నరాలు హైపోథాలమస్‌కు కబురు చేరవేస్తాయి, దాంతో ఆ విడతల క్రమం చెదిరిపోతుంది. అండాశయంలో అండాలు ఎదగడం మొదలుపెట్టినా ఎల్‌హెచ్ చాలక మధ్యలోనే ఆగిపోతాయి. ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటుంది, గర్భసంచి లోపలి పొర మందమవదు, రాలడానికి ఏమీ ఉండదు.

కాబట్టి పాలిచ్చే తల్లికి నెలసరి రానంత మాత్రాన చెడు రక్తం లోపల పేరుకుపోతోందన్న భయం అక్కర్లేదు. పేరుకోవడానికి అసలు ఆ పొరే తయారవడం లేదు. నెలసరిని రప్పించడానికని బాలింతకు మాత్రలో కషాయాలో ఇవ్వడం తప్పు. ఈస్ట్రోజెన్ తగ్గిన ఫలితం ఇంకొకటుంది: యోని పొడిబారి, కలయిక నొప్పిగా ఉండవచ్చు. చాలామంది తల్లులు దీన్ని ఎవరికీ చెప్పుకోలేక తమలో ఏదో లోపం ఉందనుకుంటారు. ఇది పాలిచ్చే కాలంలో సహజమైన మార్పు. నీటితో తయారైన జెల్ వాడితే సరిపోతుంది, నెలసరి మొదలయ్యాక చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది.

అండాన్ని ఆపేది పాలు కాదు, చప్పరించడం. ఈ తేడా తెలియకపోవడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో అప్పట్లో వేటాడి, ఏరుకుని బతుకుతున్న కుంగ్ తెగ తల్లులను మెల్విన్ కోనర్, కరోల్ వర్త్‌మన్ అనే పరిశోధకులు గమనించి 1980లో వివరాలు ప్రచురించారు. ఆ తల్లులు పగలంతా బిడ్డను ఒంటికి కట్టుకునే తిరిగేవారు. బిడ్డ గంటకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలే పాలు తాగేది. రాత్రి తల్లి పక్కనే పడుకుని నిద్రలోనూ తాగేది. ఏ గర్భనిరోధక సాధనమూ లేకుండానే వాళ్లలో కాన్పుకీ కాన్పుకీ మధ్య సుమారు నాలుగేళ్లు ఎడం ఉండేది. రోజుకు మొత్తం ఎన్ని పాలు తాగిందన్న దానికన్నా రెండు పట్టులకు మధ్య ఎంత ఎడం వచ్చిందన్నదే ముఖ్యమని ఈ పరిశీలన చూపింది.

1988లో ఇటలీలోని బెల్లాజియోలో సమావేశమైన నిపుణులు ఈ రక్షణ ఎంతవరకు నమ్మదగినదో తేల్చి మూడు షరతులు పెట్టారు. బిడ్డకు తల్లిపాలు పూర్తిగా లేదా దాదాపు పూర్తిగా పట్టాలి. తల్లికి నెలసరి తిరిగి మొదలై ఉండకూడదు. బిడ్డకు ఆరు నెలలు నిండి ఉండకూడదు. మూడూ కలిసి ఉన్నంతకాలం గర్భం రాకుండా 98 శాతానికి మించి రక్షణ ఉంటుంది. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ లెక్క చెల్లదు. మొదటి షరతును ఆచరణలో చెప్పాలంటే, పగలు నాలుగు గంటలకు, రాత్రి ఆరు గంటలకు మించి బిడ్డకు రొమ్ము అందకుండా ఉండకూడదు. రెండో షరతులో, పూర్తిగా పాలిస్తున్న తల్లికి తొలి ఎనిమిది వారాల్లో పోయే రక్తం లెక్కలోకి రాదు. ఆ తర్వాత వరుసగా రెండు రోజులు రక్తం పడితే నెలసరి వచ్చినట్టే.

ఈ రక్షణ అన్నప్రాశన దగ్గర సడలుతుంది. ఆరో నెలలో బిడ్డ మెత్తటి అన్నం, పప్పుకట్టు తినడం మొదలుపెడితే పాలు తాగే విడతలు తగ్గుతాయి, హైపోథాలమస్ మళ్లీ దారిన పడుతుంది. కానీ మన ఇళ్లలో అంతకన్నా ముందే ఇంకో రెండు సందర్భాలు వస్తాయి. పుట్టింట్లో పురుడు పోసుకున్న తల్లి మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి చేరుతుంది. ఉద్యోగముంటే ఆ రోజుల్లోనే సెలవూ అయిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ప్రైవేటు బడి టీచరుకు జూన్ 1న కాన్పయింది. సెప్టెంబరు చివరి దాకా బిడ్డకు రొమ్ముపాలే. రోజుకు పది సార్లు, అందులో రెండు మూడు రాత్రిపూట. అప్పటికి మూడు షరతులూ ఉన్నాయి. అక్టోబరులో ఆమె అత్తవారింటికి వచ్చి బడికి వెళ్లడం మొదలుపెట్టింది. ఉదయం ఎనిమిదింటికి బయల్దేరితే సాయంత్రం ఐదవుతుంది, ఆ తొమ్మిది గంటలూ బిడ్డకు సీసా పాలే. కోడలు పగలంతా నిలబడి పాఠం చెప్పి వస్తోంది, రాత్రన్నా కంటినిండా నిద్రపోనీ అని అత్తగారు రాత్రి పాలు కూడా సీసాతోనే పట్టింది. ప్రేమతో చేసిన పనే, కానీ పది పట్టులు నాలుగయ్యాయి. మొదటి షరతు ఆ నెలలోనే తప్పిపోయింది. నెలసరి మాత్రం రాలేదు, అందుకే ఆమె నిశ్చింతగా ఉంది.

నవంబరు 20 ప్రాంతంలో అండం విడుదలైంది. అండం వచ్చిన సుమారు రెండు వారాలకు గానీ నెలసరి రాదు, అంటే అది డిసెంబరు మొదటి వారంలో రావలసింది. ఈలోపే గర్భం నిలిచింది. రాకపోవడం అలవాటైపోయిన నెలసరి ఈసారీ రాలేదు కాబట్టి అనుమానించడానికి కారణమే కనపడలేదు. జనవరిలో పాలు తగ్గాయి, బిడ్డ రొమ్ము విడిచి ఏడ్చేది. అలసట బడి వల్లే అనుకుంది. ఫిబ్రవరి మొదటి వారంలో మూత్రపరీక్ష చేస్తే గర్భమని తేలింది. ఆఖరి నెలసరి తేదీ లేదు గనక డాక్టరు స్కానింగ్‌లో పిండం పొడవు కొలిచి నెలలు లెక్కకట్టారు. పదమూడు వారాలు, కాన్పు ఆగస్టు రెండో వారంలో. అప్పటికి పెద్దబిడ్డకు పద్నాలుగు నెలలే నిండుతాయి. ఒక కాన్పయ్యాక మరో గర్భానికి కనీసం రెండేళ్లు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తొలి నెలసరికి ముందు అండం వస్తుందా రాదా అన్నది ఆ నెలసరి ఎప్పుడు వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది. పాలిచ్చే తల్లికి ఆరు నెలల లోపే వచ్చే తొలి నెలసరి చాలాసార్లు అండం లేకుండానే వస్తుంది. అండం వచ్చినా ఆ తొలి నెలల్లో దాని తర్వాతి దశ పొట్టిగా ఉండి, పిండం గర్భసంచికి అతుక్కునే వ్యవధి చాలకపోవచ్చు. నెలలు గడిచేకొద్దీ అండం ముందు, నెలసరి తర్వాత అన్నది ఎక్కువవుతుంది. అందుకే నెలసరి వచ్చాక చూసుకుందాంలే అనుకోవడం మొదటి రోజుల కన్నా ఆరు నెలల తర్వాతే ఎక్కువ ప్రమాదం.

ఉద్యోగానికి వెళ్లే తల్లులు పాలు పిండి దాచి వెళ్లడం మంచిదే, బిడ్డకు తల్లిపాలే అందుతాయి. కానీ పంపుతో గానీ చేత్తో గానీ పిండడం బిడ్డ చప్పరించడంతో పూర్తిగా సమానం కాదు. పనికి వెళ్తూ, పాలు పిండి పెడుతూ ఈ పద్ధతినే నమ్ముకున్న చిలీ తల్లులలో ఆరు నెలల్లో సుమారు ఐదు శాతం మందికి గర్భం వచ్చింది. ఇంట్లో ఉండి పాలిచ్చేవారితో పోలిస్తే అది ఎక్కువ.

షరతు తప్పబోతోందని తెలిసినప్పుడే వేరే సాధనం మొదలుపెట్టాలి. కాపర్-టిని కాన్పయిన రెండు రోజుల లోపు, లేదంటే ఆరు వారాల తర్వాత వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరికే ఛాయ మాత్రలో స్టెరాయిడ్ హార్మోన్ లేదు, పాలిచ్చే తల్లి వాడవచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి వేసుకోవాలి. మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్‌ను ఆరు వారాల తర్వాత తీసుకోవచ్చు, కానీ దానివల్ల కూడా నెలసరి గాడి తప్పుతుంది కాబట్టి ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఈస్ట్రోజెన్ ఉన్న రోజువారీ మాత్రలను పాలిచ్చే తల్లి ఆరు నెలల దాకా వాడకపోవడమే మేలు. ఏ సాధనమూ లేకుండా కలిసినట్టయితే, ఆ చివరి కలయికకు మూడు వారాల తర్వాత మూత్రపరీక్ష చేస్తే ఫలితం నమ్మవచ్చు.

నెలసరి తిరిగి మొదలైనా పాలు పాడవవు. ఆ ఒకటి రెండు రోజులు పాలు కాస్త తగ్గినట్టు అనిపించి బిడ్డ చిరాకుపడవచ్చు, రొమ్ము పడుతూ ఉంటే సర్దుకుంటుంది. తొలి నెలలు హెచ్చుతగ్గులుగా, వ్యవధి తప్పుతూ రావడం కూడా మామూలే. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోయినా, జ్వరంతో దుర్వాసన ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాలు పూర్తిగా మాన్పించి మూడు నెలలైనా నెలసరి రాకుండా, గర్భపరీక్షలో లేదని తేలితే థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు అవసరమవుతాయి.

నెలసరి రాకపోవడానికి అరుదుగా మరో కారణం ఉంటుంది, దాన్ని గుర్తించడంలో చాలాసార్లు ఏళ్లు గడిచిపోతాయి. కాన్పులో రక్తం విపరీతంగా పోయినప్పుడు పిట్యూటరీ గ్రంథికి రక్తం అందక దెబ్బతింటుంది. అటువంటి తల్లికి మొదటినుంచీ పాలే పడవు, నెలసరీ రాదు, నీరసం, చలి తట్టుకోలేకపోవడం వంటివి తోడవుతాయి. పాలిస్తూ నెలసరి రాకపోవడం వేరు, పాలు పడకుండానే నెలసరి రాకపోవడం వేరు. రెండోది కనిపించినప్పుడు కాన్పులో ఎంత రక్తం పోయిందో డాక్టరుకు చెప్పి హార్మోన్ల రక్తపరీక్షలు చేయించుకోవాలి. లోపించిన హార్మోన్లను మందులుగా ఇచ్చి భర్తీ చేస్తారు.