ఆరు గుంటల దాచ, అందులో బాబుష్క

దాచ అంటే ఊరవతలి వేసవి ఇల్లు, బాబుష్క అంటే అమ్మమ్మ లేదా నాయనమ్మ అని రష్యన్ నిఘంటువు చెబుతుంది. విశాలాంధ్ర దుకాణాల్లో చౌకగా దొరికిన సోవియట్ పుస్తకాల్లో తెలుగు పాఠకులకు ఎదురైన మాటలివి. వేసవి ఇల్లు అనగానే మన దగ్గర ఎవరికైనా హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫాంహౌస్‌లు తోస్తాయి. సామాన్యుడి దాచ అలాంటిది కాదు.

ఈ మాటకు మూలం 'ఇవ్వడం'. పీటర్ చక్రవర్తి కాలంలో అది రాజు ఇచ్చిన భూమి. 19వ శతాబ్దానికి పట్నవాసులు వేసవికి అద్దెకు తీసుకునే ఇల్లయింది. చెహోవ్ నాటకం 'చెర్రీ తోట'లో (1904) వ్యాపారి లొపాఖిన్ ఇచ్చే సలహా, తోట నరికి దాచల కోసం ప్లాట్లు చేయమని. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండి కొరత తీరడానికి ఫ్యాక్టరీలు, ఆఫీసుల ద్వారా పనివాళ్లకు తోట భూములు పంచారు. ఒక్కో కుటుంబానికి సాధారణంగా ఆరు సోత్కలు, అంటే 600 చదరపు మీటర్లు. సోత్క దాదాపు మన గుంటంత ఉంటుంది. అది రెండో ఇల్లుగా మారకూడదని అక్కడ కట్టే గది పరిమాణం మీదా ఆంక్షలుండేవి.

మన పత్తి రైతుకు ఆరు గుంటలు చేనులో ఓ మూల. రష్యాలో మాత్రం చాలా కుటుంబాలకు ఏడాది ఆలుగడ్డ అందులోంచే రావాల్సి ఉండేది. చలికాలం చివర్లోనే పట్నంలోని ఇంటి కిటికీ గట్టు మీద టమాటా నారు పోస్తారు. మే మొదట్లో ఆలుగడ్డ పెడతారు. మాస్కో వైపు మే చివరి దాకా మంచు పడి నారు మాడే ప్రమాదం ఉంది, అందుకే దోస మొక్కల మీద ప్లాస్టిక్ కప్పుతారు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో దోసకాయలు ఉప్పునీటిలో ఊరవేసి, పళ్లతో జామ్ కాచి గాజు సీసాల్లో నింపుతారు. ఆలుగడ్డ నేలమాళిగకు చేరుతుంది.

ఉద్యోగాలున్న తల్లిదండ్రులు శుక్రవారం సాయంత్రం లోకల్ రైలెక్కి వస్తారు. మిగతా రోజుల్లో నీళ్లు పోసేదీ, కలుపు తీసేదీ, బడికి సెలవులున్న మనవలను చూసుకునేదీ బాబుష్కే. ఆడవాళ్లకు 55 ఏళ్లకే పెన్షన్ రావడం వల్ల ఆమెకు ఆ తీరిక దొరికింది. యుద్ధంలో సుమారు 2.7 కోట్ల మంది సోవియట్ ప్రజలు చనిపోయారు. ఆ తరం ఇళ్లలో చాలాచోట్ల తాత లేడు, ఆమె ఒక్కతే మిగిలింది. బంధుత్వం లేని ముసలామెనూ బాబుష్క అనే పిలుస్తారు, ఉత్తర తెలంగాణలో 'అవ్వా' అన్నట్టు.

1990లలో జీతాలు నెలల తరబడి ఆగినప్పుడు చాలా కుటుంబాలను ఆదుకున్నది ఈ తోటే. 2018లో ఆడవాళ్ల పెన్షన్ వయసును దశలవారీగా 60కి పెంచుతూ చట్టం వచ్చింది. 55 దాటగానే వేసవంతా దాచలో గడిపే వీలు ఇప్పటి బాబుష్కలకు అంతగా లేదు.