రోటిలో మొదలయ్యే ఖావ్ సోయ్

ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మై నగరంలో యాత్రికులకు నేర్పే వంట తరగతులు సాధారణంగా రెండు రకాలుగా ఉంటాయి: నాలుగైదు గంటల్లో ముగిసే పూట పాఠం ఒకటి, ఉదయం మొదలై మధ్యాహ్నం దాటేవరకు సాగే రోజంతటి పాఠం మరొకటి. రెండింటిలోనూ ముందుగా సంతకు తీసుకువెళ్లి దినుసులను చూపించి, తరువాత ఒక్కొక్కరికీ విడిగా ఒక పొయ్యి, ఒక బాణలి ఇచ్చి, నాలుగు నుంచి ఆరు వంటకాలు వారి చేతనే వండించి, వండినవి వారికే వడ్డిస్తారు. వేపుళ్లు, సలాడ్లు, మామిడిపండుతో తినే జిగురుబియ్యపు అన్నం వంటివి చూసి నేర్చుకోదగినవే. ఆ ప్రాంతపు వంట నిజంగా చేతికి తెలిసేది మాత్రం ఖావ్ సోయ్ వండేటప్పుడు.

ఖావ్ సోయ్ అంటే కొబ్బరిపాల పులుసులో కోడిమాంసం, గుడ్డు కలిపిన గోధుమ నూడుల్స్ వేసి, పైన కరకరలాడేలా వేయించిన అవే నూడుల్స్ చల్లి, ఊరబెట్టిన ఆవాకు, పచ్చి ఉల్లి ముక్కలు, నిమ్మబద్ద పక్కన పెట్టి ఇచ్చే వంటకం. చైనాలోని యునాన్ నుంచి వచ్చిన ముస్లిం వర్తకుల ద్వారా ఇది ఈ ప్రాంతానికి చేరిందని ఎక్కువమంది భావిస్తారు.

దీని రుచికి మూలం నూరుడు ముద్ద. ఇద్దరికి సరిపడే ముద్దకు నానబెట్టి గింజలు తీసిన పొడవు ఎండుమిరపకాయలు నాలుగైదు, చిన్న ఉల్లిపాయలు నాలుగు, వెల్లుల్లి రెబ్బలు ఐదు, అంగుళం చొప్పున అల్లం, పచ్చిపసుపు కొమ్ము, రెండు కొత్తిమీర వేర్లు, ఒక చెంచా ధనియాలు, ఒక నల్ల యాలక్కాయ గింజలు తీసుకుని, కొత్తిమీర వేర్లు తప్ప మిగిలినవాటిని నూనె లేకుండా అక్కడక్కడ మాడే వరకు వేయిస్తారు. నూరడంలో వరుస ముఖ్యం. ఎండు దినుసులను మొదట పొడి చేసి, ఆపై ఉప్పు, మిరపకాయలు, తరువాత పీచున్న అల్లం, పసుపు, వేర్లు వేసి, నీరున్న ఉల్లి, వెల్లుల్లిని చివరికి ఉంచుతారు. ఎందుకంటే తడి ముందే చేరితే రోకలి కింద దినుసులు జారిపోయి నలగవు, పైగా కారం కళ్లలోకి చిందుతుంది. ఉప్పు ఇక్కడ రుచికే కాక మిరప తోలును రాపాడడానికి కూడా పనికివస్తుంది. పావుగంటకు పైగా నూరిన ముద్దను వేళ్ల మధ్య రాసినప్పుడు పీచు తగలకుండా, మిరప తోలు ముక్కలు ఎర్రగా విడిగా కనిపించకుండా ఉంటేనే అది సిద్ధమైనట్టు. రోటి పచ్చడి తెలిసిన తెలుగువారికి ఈ పరీక్ష కొత్త కాదు.

రెండో మెళకువ కొబ్బరిపాలది. పాల మీద తేలే చిక్కటి మీగడను మాత్రమే ముందుగా బాణలిలో పోసి, నీరు ఇగిరి నూనె విడిపోయేదాకా మరగనిచ్చి, ఆ నూనెలో ముద్దను పచ్చివాసన పోయి అంచుల వెంట ఎర్రటి నూనె తేలేవరకు వేయించి, అప్పుడే కోడికాళ్లు, మిగిలిన పలుచటి పాలు, చెంచాడు కర్రీ పొడి, చేప సాస్, తాటి చక్కెర చేరుస్తారు. నూనె విడకముందే ముద్ద వేస్తే అది వేగదు, ఉడుకుతుంది. పులుసు రంగు పాలిపోయి, వెల్లుల్లి పచ్చిగానే తగులుతుంది. డబ్బా పాలల్లో చాలావాటికి విరగకుండా ఉంచే పదార్థాలు కలుపుతారు కనుక అవి ఎంత మరిగినా నూనె వదలవు. అటువంటప్పుడు రెండు చెంచాల వంటనూనె ముందే పోయడం సరైన మార్గం.

పూట పాఠాల్లో చాలాచోట్ల సమయం చాలక, ముందే నూరి ఉంచిన ముద్దను ఇచ్చి, అతిథుల చేత రోకలిని నాలుగు పోట్లు మాత్రం వేయిస్తారు. అక్కడ భోజనం బాగానే ఉంటుంది గాని, నేర్చుకోవలసినది నేర్చుకోకుండానే తిరిగి రావలసి వస్తుంది; కాబట్టి ముద్దను ఎవరు నూరుతారని డబ్బు కట్టేముందే అడగడం మంచిది. శాకాహారులు మరో ప్రశ్న కూడా అడగాలి: థాయ్ ముద్దల్లో రొయ్యలను ఉప్పుతో పులియబెట్టి చేసే కపి తరచుగా ఉంటుంది, చేప సాస్ దాదాపు ప్రతి వంటలోనూ పడుతుంది. మాంసం బదులు టోఫు ఇచ్చినంత మాత్రాన ఆ వంట శాకాహారం కాదు. ఈ రెండింటి స్థానంలో ఉప్పు, సోయా సాస్ వాడమని ముందే చెప్పాలి.

పాఠం ముగిశాక అతిథుల చేతికి వచ్చేవి వంటకాల కొలతలున్న చిన్న పుస్తకం, తినగా మిగిలిన కూరల పొట్లాలు. పుస్తకంలోని కొలతలు ఆ రోటికి, ఆ తాజా మీగడకు సరిపోయేవి. ఇంటికి వచ్చాక మిక్సీలో రుబ్బేవారు బ్లేడు తిరగడానికి నీళ్లు పోస్తారు. ఆ నీరంతా ఇగిరేవరకు ముద్ద వేగదు గనుక, నీటికి బదులు చెంచాడు నూనెనో కొబ్బరి మీగడనో పోసి రుబ్బి, కొబ్బరిపాలను ఇంట్లోనే తీసి, మొదటి పిండుడు పాలను విడిగా ఉంచుకుంటే, ముద్ద బాణలిలో తరగతిలో వేగినట్టే వేగుతుంది.