పాట మీటరు చెడకుండా

చేనేతల ఊరు వేటపాలెంలో ఒక పాట పాదాన్ని ఇలా ఊహించవచ్చు: ‘మగ్గమాగిపోయె, మనసు కుంగిపోయె.’ ఒక్కో సగానికి తొమ్మిది మాత్రలు. రెండు సగాల మొదటా ‘మ’, చివర ‘పోయె’.

దీన్ని ఆశవైపు తిప్పడానికి ‘పోయె’ను ‘లేదు’గా మార్చడం తేలిక: ‘మగ్గమాగలేదు, మనసు కుంగలేదు.’ లెక్క కుదిరింది, కానీ వినిపించేది పంతమే, ఆశ కాదు. కాదన్నా ‘కుంగ’డం చెవిలో మిగిలిపోతుంది. అందుకే క్రియనే మార్చాలి: ‘మగ్గమాడసాగె, మనసు పొంగసాగె.’ అక్షరాలు పదమూడూ, మాత్రలు పద్దెనిమిదీ అలాగే ఉన్నాయి. ‘కుంగ’లోని సున్నా ‘పొంగ’లోనూ మోగడం ఎంతో అందం.

‘మనసు’ బదులు ‘గుండె’ వేస్తే మాత్రలు మూడే, అర్థమూ నిలుస్తుంది. అయితే ఒక అక్షరం తగ్గి, ‘మ’ల జత విడిపోతుంది. ‘మనసు చిగురించె’లో ఒక మాత్ర తక్కువ, పాడేవారు చివర సాగదీయక తప్పదు.