చదివిన చోటు వేరు, పట్టా ఇచ్చిన చోటు వేరు

జూన్ నెల వస్తే హుజూరాబాద్‌లో ఫ్లెక్సీ షాపులకు గిరాకీ. 28న పీవీ జయంతి. ఆయన పెరిగిన వంగర మాకు దగ్గరి ఊరే కాబట్టి, ఆ మనిషి మీద హక్కు మాకు కొంచెం ఎక్కువే అనుకుంటాం. ఓ సంఘం వాళ్ళు వేసే కరపత్రాన్ని ఒకసారి చూడమని నా చేతికిచ్చారు. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: ‘ఉస్మానియాలో డిగ్రీ, పుణె విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, నాగపూర్‌లో న్యాయశాస్త్రంలో మాస్టర్స్ చేసి, 17 భాషలు నేర్చిన భారతరత్న పీవీ నరసింహారావు’.

ఇది మార్చాలె అంటే డీటీపీ చేసే పిల్లగాడు ఒప్పుకోలేదు. “నెట్ల అంతట గట్లనే ఉన్నది గద సారూ, మీరొక్కలే కాదంటరేంది?” అన్నాడు. అంతటా అట్లనే ఉండటమే నా అనుమానం. పదిచోట్ల ఒకే మాట కనబడితే పదిమంది సాక్షులు దొరికినట్టు కాదు. ఒకరు రాసింది తొమ్మిదిమంది ఎత్తి రాసుకున్నారేమో ముందు చూడాలి.

పుణె దగ్గర మొదలుపెట్టాను. పీవీ పుణె ఫెర్గూసన్ కాలేజీలో చదివారన్నది అందరూ చెప్పే సంగతే. కానీ ఫెర్గూసన్ ఆర్ట్స్, సైన్సు కాలేజీ, లా కాలేజీ కాదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. పుణె విశ్వవిద్యాలయం పుట్టిందే 1949లో. నిజాంకు వ్యతిరేకంగా చాందా శిబిరంలో పీవీ పనిచేసిన 1947-48 నాటికే ఆయన చదువులన్నీ అయిపోయాయి. ఆయన చదివే రోజుల్లో ఫెర్గూసన్ బొంబాయి విశ్వవిద్యాలయం కింద ఉండేది. అంటే పట్టా ఇచ్చినట్టుగా రాసిన విశ్వవిద్యాలయం అప్పటికి లేనే లేదు. ఎవరి డిగ్రీ గురించి విన్నా నేను మొదట చూసేది ఇదే: ఆ సంవత్సరంలో ఆ విశ్వవిద్యాలయం ఉందా, ఆ కాలేజీ అప్పుడు ఎవరి కింద ఉంది? దీనికి ఎవరినీ అనుమతి అడగనక్కర్లేదు. ఆ సంస్థ పుట్టుకకు కారణమైన చట్టం తేదీ చూస్తే చాలు.

ఆ తర్వాత ప్రధానమంత్రి కార్యాలయం పెట్టిన మాజీ ప్రధానుల పరిచయం చూశాను. అందులో పీవీ చదివింది ఉస్మానియా, బొంబాయి, నాగపూర్ విశ్వవిద్యాలయాల్లో అని ఉంది. పట్టాలు మాత్రం రెండే: బి.ఎస్సీ., ఎల్ఎల్.బి. మూడు విశ్వవిద్యాలయాలు, రెండు పట్టాలు. కరపత్రం రాసినాయన మూడింటికీ తలా ఒక పట్టా పంచేశాడు. ఉస్మానియా సంగతి మన దగ్గర తెలియనిది కాదు. 1938లో వందేమాతరం పాడారని నిజాం ప్రభుత్వం బయటికి పంపిన విద్యార్థులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పీవీ కూడా ఆ దారినే వెళ్ళారు. ఉస్మానియాలో ఆయన చదివారు నిజమే, అక్కడ పట్టా పుచ్చుకున్నారని ఆ పరిచయం చెప్పదు. నా లెక్క ప్రకారం సైన్సు పట్టా బొంబాయిది, న్యాయ పట్టా నాగపూర్‌ది. లా మాస్టర్స్ ఊసే అందులో లేదు. ఎల్ఎల్.బి. దాకా రాసుకున్న మనిషి దానికన్నా పెద్ద పట్టా ఉంటే దాచుకుంటాడా?

సర్కారు వారి కాగితం కదా అని కళ్ళు మూసుకొని నమ్మొచ్చా అంటే, అదీ కుదరదు. అదే పరిచయంలో పీవీ కరీంనగర్‌లో పుట్టారని ఉంది. ఆయన పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, వరంగల్ జిల్లాలో. వంగరకు దత్తత వచ్చారు. పార్లమెంటు సభ్యుల పరిచయాలు చాలామట్టుకు సభ్యులు నింపి ఇచ్చిన వివరాలతోనే తయారవుతాయి. ‘ఆయన ఇలా చెప్పుకున్నారు’ అనడానికి అవి సాక్ష్యం, అంతవరకే. పట్టాకు సాక్ష్యం పట్టా ఇచ్చినవాళ్ళ రిజిస్టరే.

అవార్డులకూ ఇదే సూత్రం. ఎవరిచ్చారో వాళ్ళ జాబితాలోనే వెతకాలి, అదీ దేనికిచ్చారో కలిపి చూడాలి. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను పీవీ ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. సభల్లో వక్తలు ‘జ్ఞానపీఠ్ అందుకున్న వేయిపడగలు’ అనేస్తుంటారు. 1970 జ్ఞానపీఠ్ వచ్చింది ‘రామాయణ కల్పవృక్షము’కు. రచయిత నిజం, అవార్డు నిజం, పుస్తకమే తారుమారు. ఇలాంటివి పట్టుకోవడం కష్టం, ఎందుకంటే సగం సరిపోగానే మనం వెతకడం ఆపేస్తాం.

భారతరత్న విషయంలో పేచీ లేదు. 2020 సెప్టెంబర్ 8న తెలంగాణ శాసనసభ కోరుతూ తీర్మానం చేసింది. 2024 ఫిబ్రవరి 9న కేంద్రం ప్రకటించింది, మార్చి 30న రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన కుమారుడు ప్రభాకరరావు అందుకున్నారు. పేచీ అంతా దాన్ని పేరు ముందు తగిలించడంలో ఉంది. ఈ పురస్కారాలు బిరుదులు కావు కాబట్టి రాజ్యాంగం 18వ అధికరణకు విరుద్ధం కావని, అయితే పేరుకు ముందూ వెనకా వాడకూడదని 1995 డిసెంబర్ 15న బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సినిమా టైటిళ్ళలో ‘పద్మశ్రీ’ వేసినందుకే మోహన్‌బాబు, బ్రహ్మానందం మీద హైకోర్టులో కేసు నడిచింది. మన ఫ్లెక్సీలు అన్నింటి మీదా కేసు వేస్తే కోర్టులకు ఇంక వేరే పని ఉండదు, అది వేరే మాట.

మిగిలింది 17 భాషలు. ఏ జాబితాతో పోల్చాలి? భాష వచ్చని ఎవరూ పట్టా ఇవ్వలేదు, ఎంత వస్తే ‘వచ్చు’ అనాలో కొలతా లేదు. ‘బహుభాషావేత్త’ అని మార్చమన్నాను. తెలుగులోంచి హిందీకి, మరాఠీలోంచి తెలుగుకు ఆయన తెచ్చిన పుస్తకాలున్నాయి కాబట్టి ఆ మాటకు ఢోకా లేదు.

పోయినవాళ్ళ సంగతి ఇంత తేలిక. బతికున్న నాయకుడి పట్టా అయితే నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ చూడాలి. ఏ కాలేజీ, ఏ విశ్వవిద్యాలయం, ఏ సంవత్సరం అని అందులో ప్రమాణం చేసి రాయాలి. ఒకే మనిషి రెండు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెడితే సంవత్సరమో, కోర్సు పేరో మారిందేమో తెలుస్తుంది. మణిపుర్‌లో మొయిరాంగ్ ఎమ్మెల్యే పృథ్వీరాజ్ 2012లో మైసూరు విశ్వవిద్యాలయం ఎంబీఏ అని రాశారు. ఆ పట్టా లేదని తేలాక, రాతలో జరిగిన పొరపాటన్నారు. 2016 అక్టోబర్ 28న సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, ఎన్నిక రద్దయింది. విశ్వవిద్యాలయాన్ని సమాచార హక్కు కింద అడగొచ్చు కదా అనుకుంటారు. పట్టా, మార్కులు వ్యక్తిగత సమాచారమని 2025 ఆగస్టు 25న ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చాక ఆ దారి ఇరుకైంది. కాబట్టి అఫిడవిటే మన చేతిలో ఉన్న గట్టి కాగితం.

కరపత్రంలో చివరికి ఇలా పడింది: ‘పీవీ నరసింహారావు, బి.ఎస్సీ., ఎల్ఎల్.బి., బహుభాషావేత్త. మరణానంతరం 2024లో భారతరత్న ప్రదానం.’ వచ్చే జూన్‌లో వేయించేవాళ్ళు ఉంటే ఇదే వాడుకోండి. పుణె విశ్వవిద్యాలయం పేరు మాత్రం దయచేసి తీసేయండి.