రెండూ ఇరవై అంటే ఎంత?

హిందూపురం వాళ్లకు వియ్యాలు ఇటు లేపాక్షి, పరిగిలతోనే కాదు, అటు గౌరిబిదనూరు, పావగడలతోనూ ఉంటాయి. వియ్యంతోపాటు పొలాలూ రెండు రాష్ట్రాల్లో పడతాయి. అందుకే మా పక్క ఎవరైనా పొలం "రెండూ ఇరవై" అంటే, ముందు ఏ రాష్ట్రం కాగితం అని అడుగుతాను.

మన అడంగల్‌లో 2.20 ఉంటే రెండెకరాల ఇరవై సెంట్లు. గౌరిబిదనూరు పహాణీలో 2-20 ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరాకు నూరు సెంట్లు, నలభై గుంటలు. గుంటంటే రెండున్నర సెంట్లు కాబట్టి ఇరవై గుంటలు యాభై సెంట్లు. పలకడానికి రెండూ ఒకటే, నేల మీద తేడా ముప్పై సెంట్లు. గుంటల అంకె 39 దాటదు, నలభై అయితే ఎకరా అయిపోతుంది. కాబట్టి 2.65 అని కనిపిస్తే అది కచ్చితంగా సెంట్లే. నలభైలోపు అంకె ఉన్నప్పుడే మోసపోతాం.

నిజానికి గుంట మనకేం పరాయిది కాదు. 33 అడుగుల చదరమే గుంట. 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికొచ్చాక మన్రో ఇక్కడ చేయించిన సర్వేలోనూ 33 అడుగుల గొలుసే వాడారు. తరువాత 66 అడుగుల, నూరు లింకుల గొలుసు వచ్చాక మనకు సెంటు స్థిరపడింది. అటువైపు గుంట నిలిచిపోయింది.

లింకు తెలిస్తే స్కెచ్ చదవడం సగం వచ్చినట్టే. మన ఎఫ్‌ఎంబీ, అంటే ప్రతి సర్వే నంబరుకూ ఉండే కొలతల పటం, పాతదైతే లింకుల్లో ఉంటుంది. లక్ష చదరపు లింకులు ఒక ఎకరా, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఆ గొలుసు చేసినాయన లెక్కలు సులువుగా తేలాలనే అలా కట్టాడు.

సర్వే నంబరు 112-2 అనుకుందాం. పటంలో ఒక మూల రాయి నుంచి ఎదుటి మూల రాయికి అడ్డంగా గీసిన గీత ఉంటుంది, దాన్ని జీ లైన్ అంటారు. పొడవు 600 లింకులు. ఆ గీత మీద మొదటి రాయి నుంచి 200 దగ్గర ఎడమకు నిట్టనిలువుగా 250 పోతే ఒక మూల, 350 దగ్గర కుడికి 200 పోతే ఇంకో మూల. పక్కకు కొలిచిన ఈ దూరాలే ఆఫ్‌సెట్లు. పొలం రెండు త్రిభుజాలైంది. ఆఫ్‌సెట్లు రెండూ కలిపితే 450, దాన్ని 600తో గుణించి సగం చేస్తే 1,35,000. అంటే ఎకరా ముప్పై అయిదు సెంట్లు. దస్తావేజులో ఎకరా యాభై అని రాసి ఉంటే, ఆ పదిహేను సెంట్లు ఎక్కడున్నాయో అమ్మేవాడు చూపించాలి. కొత్త పటాలు మీటర్లలో ఉంటాయి. ఏ కొలతో అనుమానమొస్తే ఇదే లెక్క తిప్పి చూడండి: అవే అంకెలు మీటర్లయితే పొలం ముప్పై మూడు ఎకరాలు దాటుతుంది, రిజిస్టరు అలా చెప్పదు కదా!

పొలంలోనూ సరిచూసుకోవచ్చు. లింకు అడుగులో 0.66. మొదటి రాయి నుంచి ఎడమ మూలకు పటం ప్రకారం 320 లింకులు తేలుతుంది, అంటే 211 అడుగులు. టేపు పట్టి చూడండి. అడుగో రెండడుగులో తేడా ఉంటే టేపు వంగిందనుకోవచ్చు. పదిహేనడుగులు తేడా వస్తే రాయి కదిలింది, లేదా మనం నిలబడ్డది ఆ రాయి దగ్గర కాదు. చెరువు పక్క పొలాల్లోనూ, దున్ని దున్ని గట్టు జరిగిన చోటా రాయి దొరకదు. అప్పుడు పక్క నంబరు పటంలో అదే రాయి ఎక్కడుందో చూసి అక్కడి నుంచి వెనక్కి కొలుచుకు రావాలి.

బెంగళూరు నుంచి ప్లాట్లు కొనేవాళ్లకు ఇంకో మాట. ముప్పై నలభై సైటు 1,200 అడుగులు. గుంట 1,089 అడుగులే. "గుంట అంటే సైటే కదా" అని ఇక్కడి దళారులు అలవోకగా అనేస్తారు, 111 అడుగులు మాటల్లోనే పోతాయి.

అసలు తంటా మాత్రం లెక్కల్లో ఉండదు. 1బీలో 112-2బి అని నంబరు ఎక్కి ఉంటుంది, ఎఫ్‌ఎంబీ తెప్పిస్తే అందులో ఉత్త 112-2 మాత్రమే కనిపిస్తుంది. అన్నదమ్ములు పంచుకున్నారు, నంబరు విడిపోయింది, గీత మాత్రం పటంలోకి ఎక్కలేదు. అలాంటప్పుడు 2బి ఎక్కడ మొదలవుతుందో పటం చెప్పలేదు. దస్తావేజులోని చెక్కుబంది, గట్టు మీదున్న వేపచెట్టు, ఊళ్లో పెద్దల మాట, వీటి మీదే నడవాలి. రీసర్వే అయిన గ్రామాల్లో ఎల్పీఎం నంబరు వచ్చి పటం మారింది. అక్కడ పాత నంబరు కొత్తదానికి ఎలా సరిపోలిందో చూపే పత్రం కూడా అడగాలి, ఎందుకంటే పాత దస్తావేజులన్నీ పాత నంబరుతోనే ఉన్నాయి. రీసర్వే కాని ఊళ్లో అయితే బయానా ఇచ్చే ముందే సబ్‌డివిజన్‌కో, హద్దులు తేల్చే ఎఫ్ లైన్‌కో అమ్మేవాడి చేతనే అర్జీ పెట్టించండి. సర్వేయరు వచ్చి రాయి నాటే రోజున పక్క పొలాల వాళ్లు కూడా అక్కడ ఉండాలి. వాళ్లకు ముందే నోటీసు వెళ్లిందో లేదో అడిగి కనుక్కోండి.