కదలని లాట్‌కు గడువు

పాడేరు, అరకు కొండల్లో గిరిజన రైతులు చాలామంది పసుపును రెండేళ్ల పంటగా పండిస్తారు. మొదటి ఏడు తవ్వకుండా వదిలేస్తే కొమ్ము భూమిలోనే ఊరుతుంది, రెండో ఏటికి బరువెక్కుతుంది. ఇక్కడ కూర్చుని ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్ కొనే నాలాంటివాళ్లకు ఆ ఓపిక పనికిరాదు. ఎన్నాళ్లు ఉంచినా లాట్ ఊరదు. అందుకే నేను ప్రతి ట్రేడ్‌కూ ధర స్టాప్‌లాస్‌తో పాటు టైమ్ స్టాప్ కూడా పెడతాను. ఇన్ని రోజుల్లో ఇంత కదలకపోతే, నష్టం లేకపోయినా బయటికి వచ్చేయడమే ఆ నియమం.

లెక్క చూద్దాం. పసుపు లాట్ అంటే 5 టన్నులు, 50 క్వింటాళ్లు. క్వింటాల్ 14,000 దగ్గర కొన్నామనుకోండి. స్టాప్‌లాస్ 13,600. తప్పితే పోయేది క్వింటాల్‌కు 400, లాట్‌కు 20,000. లాట్ విలువ 7 లక్షలు, అందులో మార్జిన్ సుమారు లక్ష అనుకుందాం. ఖాతాలో ఉన్నది రెండున్నర లక్షలు. రోజూ సాయంత్రం లాభనష్టాల సర్దుబాటుకు కొంత చేతిలో ఉంచుకోవాలి కాబట్టి, ఈ లాట్ పట్టుకున్నన్నాళ్లూ ఇంకొక్క ట్రేడ్‌కే చోటుంటుంది.

కొనేటప్పుడే పుస్తకంలో రాసుకుంటాను: పది సెషన్లలో ధర కనీసం 14,200 తాకాలి. అంటే మనం పణంగా పెట్టిన 400లో సగమైనా మన వైపు నడవాలి. పదో సెషన్ ముగిసేసరికి మధ్యలో 14,120 దాకా వెళ్లి, తిరిగి 14,050 దగ్గర నిలబడిందనుకోండి. స్టాప్‌లాస్ తగల్లేదు, పైగా లాట్‌కు 2,500 లాభం కనబడుతోంది. వదలబుద్ధి కాదు. అయినా పదకొండో రోజు పొద్దున్నే అమ్మేయాలి. ఖర్చులు పోను మిగిలేది కొంచెమే కానీ లక్ష మార్జిన్ విడుదలవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, రాత్రికి రాత్రి ఏ వార్తకో ధర 13,600 కిందకి దూకి తెరుచుకుంటే పోయే 20,000, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, ఇక మన నెత్తిమీద ఉండదు. మర్నాడు జీలకర్రలో మంచి సెటప్ కనబడితే ఆ డబ్బు, ఆ రిస్కు అక్కడ పెట్టవచ్చు. పసుపులోనే ఇరుక్కుని, ఆ రెండో చోటు కూడా నిండి ఉంటే, దాన్ని చూస్తూ ఊరుకోవాల్సిందే.

పది సెషన్లే ఎందుకు? ఆ అంకె పుస్తకాల్లో దొరకదు. ఎవరి పాత ట్రేడ్లలోంచి వాళ్లు తీసుకోవాలి. లాభంతో ముగిసినవన్నీ ముందేసుకుని, ఒక్కొక్కటీ మొదటి సగం దూరం నడవడానికి ఎన్ని సెషన్లు పట్టిందో రాయాలి. నా పుస్తకంలో గెలిచినవి ఎక్కువగా మొదటి వారంలోనే కదలిక చూపాయి. దానిమీద కొంత వెసులుబాటు కలిపితే నా గడువు తేలింది. ధర పాత గరిష్ఠాన్ని దాటిందని కొన్నామంటే, తొందరపడి కొనేవాళ్లు వెనకే వస్తారని నమ్మి కొన్నట్టు. రెండు వారాలైనా వాళ్లు రాలేదంటే, స్టాప్‌లాస్ తగలకపోయినా మనం కొన్న కారణం చెడిపోయినట్టే.

కారణం మారితే గడువూ మారాలి. జూన్, జూలైలో పసుపు విత్తే విస్తీర్ణం తగ్గుతుందన్న అంచనాతో కొన్నవాడు పది రోజులకే బయటపడటం తెలివితక్కువ. అతని గడువు విత్తిన విస్తీర్ణం లెక్కలు బయటికొచ్చేదాకా. అయితే ఏ నెల కాంట్రాక్టు ఆ నెల 20న ముగుస్తుంది. ముగింపు దగ్గరపడేకొద్దీ డెలివరీ కోసం అదనపు మార్జిన్ అడుగుతారు. దూరపు నెలకు మారదామంటే అక్కడ కొనేవాళ్లు, అమ్మేవాళ్లు పల్చగా ఉండి, రెండు ధరల మధ్య తేడాకే కొంత పోతుంది. కాబట్టి సుదీర్ఘమైన కారణంతో కొనేవాడు మొదటే దూరపు నెల ఎంచుకోవాలి.

గడువు మరీ బిగిస్తే మంచి ట్రేడ్లూ పోతాయి. నేను మూసేసిన ప్రతిదాన్నీ ఇంకో పది సెషన్లు కాగితం మీద గమనిస్తాను. స్టాప్‌లాస్ తాకకుండానే లక్ష్యానికి వెళ్లినవి తరచుగా తేలితే నా గడువు పొట్టిదన్నమాట, పెంచుతాను. ఎక్కువ భాగం అక్కడక్కడే తిరిగినా, స్టాప్‌లాస్‌కు జారినా గడువు సరిగ్గా ఉన్నట్టే. ఈ దిద్దుబాటు పుస్తకం ముందు కూర్చుని, చేతిలో ఏ లాట్ లేనప్పుడే చేస్తాను. నడుస్తున్న ట్రేడ్‌కు మాత్రం ఒక్క రోజు కూడా పొడిగించను.

మూసేశాక ధర లేస్తే? అదే లాట్‌ను మళ్లీ కొనడానికి అడ్డేమీ లేదు. మధ్యలో తాకి వెనక్కొచ్చిన 14,120ని దాటి, పెరిగిన వాల్యూమ్‌తో రోజు ముగిస్తే కొత్త ట్రేడ్‌గా కొంటాను. కొత్త స్టాప్‌లాస్, మొదటి నుంచి కొత్త గడువు. క్వింటాల్‌కు 70, 80 ఎక్కువ పెట్టి కొన్నట్టవుతుంది. ఆ మధ్య రోజుల్లో లక్ష రూపాయలు నా చేతిలో ఉన్నందుకు ఆ ధర చెల్లించడానికి నాకు అభ్యంతరం లేదు.