బ్లౌజు రెడీ అయితే కబురు

అమలాపురంలో ఒక చిన్న లేడీస్ టైలరింగ్ షాపులో, కుట్టుమిషను వెనక గోడకి లామినేషన్ చేసిన కాగితం ఒకటి అంటించి ఉంది. పైన ఒక క్యూఆర్ కోడ్, కింద ఐదు వాక్యాలు.

“మీ బట్టలు కుట్టడం అవగానే వాట్సాప్‌లో చెప్తాం, ఇష్టమైతేనే చేరండి. ఈ కోడ్ స్కాన్ చేసి బిల్లు నంబరు వేసి పంపండి. రెడీ కబురు తప్ప ఇంకేమీ పంపం, మీ నంబరు వేరే కస్టమర్లకి కనపడదు. వద్దనుకుంటే అదే చాట్‌లో STOP అనో ఆపు అనో పెట్టండి, వాయిస్‌లో చెప్పినా చాలు, ఆ రాత్రి షాపు కట్టేలోగా తీసేస్తాం. నెట్ లేకపోయినా చీటీ తెస్తే బట్టలు ఇస్తాం.”

శ్రావణమాసంలో రాజోలు నుంచి వైనతేయ దాటి బస్సులో వచ్చి, “ఇంకా హుక్కులు కుట్టలేదమ్మా” అనిపించుకుని ఉత్త చేతుల్తో తిరిగెళ్ళిన మనిషికి ఈ కాగితం ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు నచ్చింది దాన్ని అల్లిన తీరు.

ముందు ఆ కోడ్. అందులో దాగి ఉన్నది చిన్న లింకు:

```
https://wa.me/91XXXXXXXXXX?text=BILL%20
```

91 తర్వాత షాపు నంబరు పది అంకెలు. ముందు ప్లస్ గుర్తూ సున్నాలూ ఉండకూడదు. స్కాన్ చేస్తే షాపు చాట్ తెరుచుకుని, BILL అనే మాటా ఒక ఖాళీ జాగా టైపు చేసి సిద్ధంగా ఉంటాయి. పక్కన బిల్లు నంబరు, 412 అనుకోండి, కొట్టి పంపడమే. నోటీసంతా తెలుగులో రాసి ఇక్కడ ఇంగ్లీషు మాట ఎందుకంటే, లింకులో ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాలుగా మారిపోతుంది. “బిల్లు” అన్న చిన్న మాటలో వత్తూ గుణింతాలూ కలిపి ఆరు గుర్తులు, అంటే 54 అక్షరాలు. అన్ని పడితే కోడ్‌లో గళ్ళు చిన్నవై దగ్గరదగ్గరగా ఇరుక్కుంటాయి. లామినేషన్ మీద ట్యూబ్‌లైటు మెరిస్తే పాత ఫోన్ కెమెరా వాటిని పట్టుకోలేదు. నాలుగక్షరాల BILL అయితే గళ్ళు పెద్దవిగా ఉంటాయి.

మొదటి మెసేజి కస్టమరు చేత పంపించడంలోనే అసలు పనితనం ఉంది. బిల్లుబుక్కులో గబగబా రాసుకున్న నంబర్లో 1 కాస్తా 7 అయిపోవచ్చు. ఫోన్ నుంచే వచ్చిన నంబరు తప్పు పోదు. పైగా ఆవిడ తనంతట తానే చేరిందనడానికి ఆ మెసేజే సాక్ష్యం, తేదీ, టైముతో సహా.

“మీ నంబరు కనపడదు” అన్న మాట వెనక ఒక దెబ్బ ఉంది. “ముందు గ్రూపు పెట్టానండి. మర్నాటికే ఒకావిడకి ఎవరో తెలీనోళ్ళు గుడ్‌మార్నింగులు పెట్టడం మొదలెట్టారు. ఆవిడ మళ్ళీ నా షాపు గడప తొక్కలేదు,” అంది యజమాని. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఆ బాధ లేదు కానీ, షాపు నంబరు సేవ్ చేసుకోనివాళ్ళకి ఆ మెసేజి చేరదు. అందుకే ఇప్పుడు ఎవరి చాట్ వాళ్ళదే.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో చాట్‌కి రంగు లేబుల్ తగిలించవచ్చు. 412 చేరగానే దానికి “కబురు” అన్న లేబుల్ పడుతుంది. హుక్కులూ ఇస్త్రీ అయ్యాక ఆ చాట్‌లో / కొడితే ముందే దాచిన వాక్యం వస్తుంది, యజమాని దానికి బిల్లు నంబరు చేర్చి పంపేస్తుంది. సాయంత్రం టిక్కులు చూస్తుంది. రెండుంటే చేరినట్టు. నీలం కోసం చూడదు, కొందరు అది ఆపుకుని ఉంటారు. ఒకటే ఉంటే అవతల ఫోన్‌కి నెట్ అందలేదు, లేదా షాపు నంబర్ని బ్లాక్ చేశారు. ఏదైనా సరే, మామూలు కాల్ చేస్తుంది.

ఇక ఆపడం. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటుంది. ఇక్కడ చేరడానికి ఒక మెసేజి, మానడానికి ఒక మెసేజి. చదివేది మనిషే కాబట్టి ఫలానా మాటే కొట్టాలన్న నియమం లేదు, వాయిస్ కూడా చెల్లుతుంది. మనిషే కాబట్టి వెంటనే జరగదు కూడా, అందుకే “షాపు కట్టేలోగా” అని నిజాయితీగా గడువు పెట్టింది.

చివరి వాక్యం విలువ 2022 మే చూసిన కోనసీమ వాళ్ళకి బాగా తెలుసు. అమలాపురం అల్లర్ల తర్వాత జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. చీటీకి సిగ్నల్‌తో పనిలేదు.

నేనున్నప్పుడే ఒక వాయిస్ వచ్చింది: “ఈ ఫోన్ మా అబ్బాయి పట్టుకెళ్ళిపోతున్నాడమ్మా, ఇంక ఇందులో పెట్టకు.” యజమాని “సరేనండి, ఆపేశాను” అని పెట్టి, లేబుల్ తీసేసింది. తర్వాత బిల్లుబుక్కు తెరిచి, ఆవిడ బిల్లు నకలు మీద, పిన్ను కొట్టిన గుడ్డముక్క పక్కన, ఎర్రపెన్నుతో “చీటీ” అని రాసింది. కుట్టే అమ్మాయి చూసేది ఫోన్ కాదు, ఆ పుస్తకమే.